గల్లాపెట్టె తాకని ఖర్చు

ఒక కిరాణా కొట్టు యజమాని ఏప్రిల్‌లో 40,000 రూపాయలు బ్యాంకు ద్వారా చెల్లించి డీప్ ఫ్రీజర్ కొన్నాడనుకుందాం. డబ్బు ఆ రోజే వెళ్లిపోయింది. కానీ ఫ్రీజర్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మొత్తం ఒకే ఏడాది ఖర్చుగా రాస్తే ఆ ఏటి లాభం మరీ తక్కువగా, తర్వాతి ఏళ్లది లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఏటా కొంత చొప్పున రాస్తారు. అదే తరుగుదల; ఆడిటర్ల నోట డిప్రిసియేషన్.

ఆదాయపు పన్ను లెక్కలో ఇలాంటి యంత్రాలకు మామూలుగా 15 శాతం. మొదటి ఏడు 6,000. మిగిలిన 34,000 మీద రెండో ఏడు 5,100. ఆ రెండో ఏడు సరుకు, అద్దె, కరెంటు పోను చేతిలో 2,00,000 మిగిలిందనుకుందాం. పుస్తకంలో లాభం మాత్రం 1,94,900. తేడా 5,100 ఎవరికీ ఇవ్వలేదు, గల్లాలోనే ఉంది.

అప్పు చేసి కొంటే ఇంకో తిరకాసు. వాయిదాలో అసలు భాగం గల్లాలోంచి పోతుంది గానీ ఖర్చుగా పడదు. వడ్డీ ఒక్కటే పడుతుంది. ‘లాభం ఉందంటారు, మరి డబ్బేదండీ?’ అని ఆడిటరును నిలదీసేవారు ముందు ఆ వాయిదాల వైపు చూడాలి.

అమ్మకాల మీద అంచనా శాతంతో పన్ను కట్టేవారికి తరుగుదలను విడిగా తీసివేసే వీలు లేదు. ఆ శాతంలోనే అదీ కలిసిపోయిందని చట్టం లెక్క.