ఆ ఆరుగురు ఏమయ్యారు?

2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సే నగరం నుంచి ఒక పరిశోధనా వ్యాసం వెలువడింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మాత్ర ఇచ్చిన కోవిడ్ రోగుల్లో ఆరో రోజుకి 70 శాతం మందికి వైరస్ పోయిందనీ, ఇవ్వనివాళ్లలో 12.5 శాతం మందికే పోయిందనీ దాని సారాంశం. అది చదివి మందుల షాపులకు పరుగెత్తినవాళ్లకు లెక్కలేదు. వ్యాసం మొత్తం చదివినవాళ్లకు మాత్రం వేరే సంగతులు కనిపించాయి.

శాతం కనబడగానే ఎంతమందిలో అని వెతకాలి. ఇక్కడ 20 మందిలో 14, 16 మందిలో 2. అంతే! మరి ఈ రెండు జట్లను ఎలా విడదీశారు? చీటీ వేసినట్టు కాదు. మాత్ర ఇచ్చినవాళ్లంతా మార్సే ఆస్పత్రి రోగులు. ఇవ్వనివాళ్లలో కొందరు మాత్ర వద్దన్నవాళ్లు, మిగతావాళ్లు వేరే ఊళ్ల ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లు. మొదటి జట్టు సగటు వయసు 51, రెండో జట్టుది 37. ఇలాంటప్పుడు తేడా మాత్ర వల్ల వచ్చిందో, మనుషుల వల్ల వచ్చిందో, ఆస్పత్రుల వల్ల వచ్చిందో చెప్పలేం.

అసలు కిటుకు మరోచోట ఉంది. మాత్ర మొదలుపెట్టింది 20 మందికి కాదు, 26 మందికి. మిగిలిన ఆరుగురిలో ముగ్గురిని ఐసీయూకి తరలించారు. ఒకరు చనిపోయారు. ఒకరు వికారంతో మాత్ర మానేశారు, ఒకరు ఇంటికి వెళ్లిపోయారు. ఈ ఆరుగురినీ లెక్కలోంచి తీసేశారు. వాళ్లను కూడా కలిపి, ఫలితం రానివాళ్లుగా లెక్కిస్తే 26లో 14, అంటే 54 శాతం. ఏ వ్యాసంలోనైనా మొదట చేరినవాళ్ల సంఖ్యనూ చివరి పట్టికలోని సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గినవాళ్లు ఎవరో అక్కడే బయటపడుతుంది.

ఇక కొలిచిందేమిటి? రోగి కోలుకున్నాడా, బతికాడా అని కాదు, ముక్కులోంచి తీసిన నమూనాలో వైరస్ దొరికిందా అని. పైగా మాత్ర ఇవ్వనివాళ్లలో కొందరికి ఆరో రోజు పరీక్షే చేయకుండా, వైరస్ ఉన్నట్టే లెక్కేశారు.

తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి రచయితలు చూపిన పి విలువ 0.001. చూడ్డానికి గట్టిదే. కానీ జట్లు మొదటినుంచే వేరైతే, కొందరు మధ్యలో లెక్కతప్పితే, ఆ లోటును ఏ పి విలువా పూడ్చలేదు. అది తనకు ఇచ్చిన అంకెలనే నమ్ముతుంది.

కొన్ని నెలలకే బ్రిటన్‌లో రికవరీ అనే ప్రయోగంలో 4,700 మందికి పైగా రోగులను యాదృచ్ఛికంగా విడదీసి, 28 రోజుల్లో మరణాలను లెక్కించారు. మాత్ర ఇచ్చినవాళ్లలో 27 శాతం, ఇవ్వనివాళ్లలో 25 శాతం చనిపోయారు. మాత్ర ప్రాణం నిలపలేదు. మార్సే వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకున్నది 2024 డిసెంబరులో.