అక్షరాల కింది గోదావరి

2022 జూలై వరదల్లో బూర్గంపాడు ఫొటో ఒకటి ఇంటర్నెట్టు నుంచి దించుకున్నాను. బొమ్మకు అడ్డంగా తెల్లని అక్షరాలు! తీసేద్దామని ‘గింప్’ తెరిచాను.

ముందు రంగును బట్టి అక్షరాలను ఎంచుకుని, ఆ హద్దును మూడు పిక్సెళ్లు వెలుపలికి జరిపాను. అంచున మసక తెలుపు మిగిలితే అదే లోపలికి పాకి, చెరిపిన అక్షరాలు మళ్లీ లీలగా కనిపిస్తాయి. తరువాత పక్కనున్న నీళ్లనే తెచ్చి ఆ ఖాళీలో అద్దాను. అలలు చక్కగా అతుక్కున్నాయి.

చిక్కల్లా గోడ దగ్గర వచ్చింది. నీళ్లు గోడను తాకిన గీత సరిగ్గా అక్షరాల కిందే ఉంది. అక్కడి అసలు చుక్కలు ఏనాడో పోయాయి. నేను నింపింది కేవలం ఊహ. బొమ్మ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది గాని, వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పే సాక్ష్యానికి పనికిరాదు. అందుకు అక్షరాలు పడని అసలు ఫొటోయే కావాలి.