బిల్లులో దాగిన 90 రూపాయలు

గుంటూరులో ఓ మిర్చి వ్యాపారి సరుకు అరువిచ్చి, కొన్నవాడి సంతకంతో 1,03,000 రూపాయల మారకపు బిల్లు తీసుకున్నాడనుకుందాం. గ్రేస్ రోజులు మూడూ కలుపుకొని గడువుకింకా 3 నెలలుంది. ఈలోగా డబ్బు అవసరపడి బ్యాంకుకెళ్లాడు. వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే 3 నెలలకు 3 శాతం.

ఇవాళ లక్ష అప్పిస్తే, 3 నెలలకు 3,000 వడ్డీ కలిసి 1,03,000 అవుతుంది. కాబట్టి బిల్లు నేటి విలువ లక్ష. తగ్గాల్సిన ఆ 3,000 నిజ డిస్కౌంటు.

బ్యాంకు మాత్రం బిల్లు మొత్తం మీద 3 శాతం లెక్కగట్టి 3,090 కోసుకుంటుంది. ఇది బ్యాంకరు డిస్కౌంటు. వ్యాపారి చేతికొచ్చేది 99,910. తేడా 90 రూపాయలే బ్యాంకరు లాభం.

అదెక్కడిది? నిజ డిస్కౌంటు 3,000 మీద 3 శాతం వడ్డీ. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికీ ఇదే గుర్తు.