మంగళవారం నుంచా, ఆదివారం నుంచా?

క్యాలెండర్ ముందు పెట్టుకుని పెన్సిల్ తీసుకోండి. ఒక మంగళవారం గడిలో 12 అని రాయండి. బుధవారం 12, గురువారం 12, అలా సోమవారం దాకా ఏడు గడులూ నింపండి. మొత్తం 84 గంటలు. ఆ తర్వాత ఏడు రోజులు సెలవు. అమెరికాలో రెడ్‌ల్యాండ్ ఎనర్జీ సర్వీసెస్ అనే కంపెనీ డ్రిల్లింగ్ రిగ్గుల మీద పనివాళ్ల డ్యూటీ ఇలాగే ఉండేది.

అక్కడి 1938 నాటి కార్మిక చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటితే ఆపైన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. మరి వారం అంటే ఏది? ఆగకుండా నడిచే 168 గంటలు, అంతే. అది ఏ రోజున, ఏ గంటకు మొదలవ్వాలో యజమాని ఇష్టం. ఒకసారి పెట్టుకున్నాక మాత్రం అదే నడవాలి. ఏ వారం లెక్క ఆ వారానిదే, రెండు వారాలు కలిపి సగటు తీయడానికి వీల్లేదు.

రెడ్‌ల్యాండ్‌లో రిగ్గు పనివాళ్లకు వారం మంగళవారం మొదలయ్యేది. 84 గంటలూ ఒకే వారంలో పడేవి, కాబట్టి ఓటీ 44 గంటలు. కంపెనీ వాళ్ల వారాన్ని ఆదివారానికి మార్చింది. డ్యూటీ అదే, షిఫ్టు అదే. కానీ మంగళవారం నుంచి శనివారం దాకా చేసిన 60 గంటలు ఒక వారంలోకీ, ఆది సోమవారాల 24 గంటలు మరో వారంలోకీ వెళ్లాయి. మొదటి వారంలో ఓటీ 20 గంటలు, రెండో వారంలో సున్నా. గంటకు 20 డాలర్లు అనుకుని లెక్క వేస్తే పాత పద్ధతిలో 2,120 డాలర్లు, కొత్త పద్ధతిలో 1,880. ఒళ్లు అంతే అలిసింది, చేతికి 240 తక్కువ వచ్చింది.

మీ క్యాలెండర్ మీద గీతను ఒక్కో రోజూ జరిపి చూడండి. సోమవారం గానీ బుధవారం గానీ మొదలుపెడితే ఓటీ 32 గంటలు. గురువారమైతే మళ్లీ 20. శుక్రవారం, శనివారం అయితే 8 గంటలే, ఎందుకంటే గీత సరిగ్గా డ్యూటీ నడుమ పడి 84ను 48గా, 36గా చీలుస్తుంది. అంటే రెడ్‌ల్యాండ్ ఎంచుకున్నది అన్నిటికన్నా పిసినారి రోజేమీ కాదు! సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేసే ఆఫీసు గుమాస్తాకు మాత్రం వారం శనివారం మొదలైనా, ఆదివారం మొదలైనా, సోమవారం మొదలైనా పైసా తేడా రాదు. దెబ్బ తగిలేది ఎవరి డ్యూటీ మధ్యలో గీత పడుతుందో వాళ్లకే.

పనివాళ్లు కోర్టుకెక్కారు. ఓటీ ఎగ్గొట్టడానికే మార్చారన్నది వాళ్ల వాదన. 2012లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. మార్పు శాశ్వతమైతే చాలు, ఖర్చు తగ్గించుకోవడానికే చేసినా తప్పు కాదంది. ఈ నెల ఆదివారం, వచ్చే నెల గురువారం అని అవసరానికి తగ్గట్టు గీత జరిపితేనే చట్టం ఒప్పుకోదు. నాకు ఈ తీర్పు చట్టం అక్షరానికి సరిపోయిందనే అనిపిస్తుంది గానీ, రిగ్గు మీద నిలబడి ఆలోచిస్తే మింగుడు పడదు.

మన దేశంలో ఈ కిటుకు ఇంతగా పారేది కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారం శనివారం అర్ధరాత్రి మొదలవుతుందని తానే రాసేసింది. వేరే రాత్రి కావాలంటే చీఫ్ ఇన్‌స్పెక్టర్ రాతపూర్వక అనుమతి ఉండాల్సి వచ్చేది. పైగా వారానికి 48 గంటలతో పాటు రోజుకు 9 గంటల హద్దు కూడా పెట్టి, ఏది దాటినా రెట్టింపు కూలి అంది. 12 గంటల షిఫ్టులో ఆ మూడు గంటల ఓటీని ఏ గీతా మింగగలిగేది కాదు.

అమెరికాలో వారం మారిందని నోటీసు అందుకున్నవాళ్లు మొదటి జీతం చూసి మోసపోవచ్చు. మారే సమయంలో కొన్ని రోజులు పాత వారంలోకీ కొత్త వారంలోకీ కూడా వస్తాయి. మన లెక్కలో అవి ఆది, సోమవారాలు. వాటిని ఒకసారి పాత వారంలో, ఒకసారి కొత్త వారంలో కలిపి, ఏది ఎక్కువొస్తే అదే ఇవ్వాలని నిబంధన. అందుకే అప్పుడు డ్యూటీలో ఉన్న రిగ్గు పనివాడికి పాత 2,120 డాలర్లే వస్తాయి. ఏడు రోజులు ఇంట్లో ఉండి, మళ్లీ రిగ్గెక్కి, ఇంకో ఏడు రోజులు చేశాక గానీ ఆ 240 పోయిన సంగతి తెలియదు.