స్కేలు ఒప్పుకున్నా కన్ను ఒప్పుకోదు

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. "మా బాబాయి కిరాణం షాపు గోడ మీద పేరు రాయించాడు. పెయింటర్ దారం కొట్టి గీతలన్నీ టేపు పెట్టి మరీ గీశాడు. తీరా అక్షరాలు పెట్టే సమయానికి టేపు జేబులో వేసుకుని, రోడ్డు మధ్యదాకా వెనక్కి పోయి, కళ్లు చిట్లించి చూస్తూ పెట్టాడు. తర్వాత నేను కొలిస్తే ఏ రెండు అక్షరాల మధ్యా దూరం సమానంగా లేదు. కానీ చూడ్డానికి అన్నీ సమానంగానే ఉన్నాయి. ఎందుకని?"

ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టక తప్పదు.

ముందు గీతల సంగతి తేల్చేద్దాం, అది సులువు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు పైనొక గీత, కిందొక గీత చాలు. తెలుగుకు నాలుగు కావాలి. అక్షరం పొట్టకు పైనా కిందా రెండు, తలకట్టూ గుడీ పోయే పై హద్దుకు ఒకటి, వత్తులు దిగే కింది హద్దుకు మరొకటి. షట్టర్ మీద 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు ఉన్న పట్టీలో "ఓరుగల్లు కిరాణం" అని రాయాలనుకోండి. ఎత్తు 36 అంగుళాలు. పైనా కిందా అయిదేసి అంగుళాలు ఖాళీ వదిలితే 26 మిగులుతాయి. అందులో పొట్టకు 10, పై భాగానికి 7, వత్తులకు 9. కొత్త పెయింటర్ చేసే మొదటి తప్పు ఇక్కడే ఉంటుంది. పొట్టకు 18 అంగుళాలు ఇచ్చేస్తాడు, అక్షరాలు భలే పెద్దగా వస్తున్నాయని మురుస్తాడు, చివరికి "ల్లు" దగ్గర లవత్తుకు చోటు లేక దాన్ని షట్టర్ పెట్టె మీదికి దించుతాడు.

అడ్డం లెక్క పాళ్లలో వేస్తారు. ఒక "ర" పొట్ట ఒక పాలు. ఓ, రు, ల్లు, రా, ణ ఒకటిన్నర చొప్పున. గ, కి, సున్న ఒక్కొక్క పాలు. రెండు మాటల మధ్య ఒక పాలు. అన్నీ కలిపితే పదకొండున్నర. అక్షరాల మధ్య ఆరు సందులకు పావు పాలు చొప్పున ఒకటిన్నర కలిపితే 13. అటూ ఇటూ తొమ్మిదేసి అంగుళాలు వదిలితే మిగిలిన గోడ 126 అంగుళాలు. పాలు తొమ్మిదిన్నర అంగుళాలు అనుకుంటే నూట ఇరవై మూడున్నర సరిపోయి, రెండున్నర అంగుళాలు చేతిలో ఉంటాయి. ఆ రెండున్నర దేనికో తర్వాత చెప్తాను. పది అంగుళాల ఎత్తుకు తొమ్మిదిన్నర వెడల్పు అంటే "ర" గుండ్రంగా వస్తుంది కాబట్టి లెక్క కుదిరినట్టే. పాలు ఆరు అంగుళాలే వచ్చి ఉంటే ఎత్తు తగ్గించాలి గాని అక్షరాల్ని నొక్కి పెట్టకూడదు.

ఇక అసలు విషయం. టేపు అంచు నుంచి అంచుకు దూరాన్ని కొలుస్తుంది. కన్ను ఆ పని చెయ్యదు. రెండు అక్షరాల మధ్య చిక్కుకున్న ఖాళీ గోడ మొత్తాన్ని, అంటే దాని విస్తీర్ణాన్ని, అంచనా వేస్తుంది. పక్కపక్కన రెండు నిలువు గీతల మధ్య రెండు అంగుళాలు వదిలితే ఆ ఖాళీ పైనుంచి కిందిదాకా రెండు అంగుళాలే. అదే రెండు "ర"ల మధ్య రెండు అంగుళాలు వదిలితే, పొట్టలు దగ్గరైన చోట మాత్రమే అది రెండు. పైకీ కిందికీ పోతున్న కొద్దీ ఖాళీ విచ్చుకుంటుంది. విస్తీర్ణం దాదాపు రెట్టింపు కావచ్చు. కాబట్టి గుండ్రని అక్షరాలు దగ్గరికి జరగాలి, నిలువు కాళ్లున్నవి ఎడంగా ఉండాలి.

మన ఉదాహరణలో దీనికి మంచి పరీక్ష "రా"కూ "ణ"కూ మధ్య. "రా" దీర్ఘం పైన కుడివైపుకు చాచుకుని ఉంటుంది, దాని కింద అంతా ఖాళీ. దీర్ఘం కొస నుంచి కొలిచి పావు పాలు, అంటే దాదాపు రెండున్నర అంగుళాలు వదిలారా, కింద "ర" పొట్టకూ "ణ"కూ మధ్య ఏడు అంగుళాలకు పైగా గోడ కనిపిస్తుంది. చదివేవాడికి "కిరా" ఒక మాట, "ణం" ఇంకో మాట. తెలిసిన పెయింటర్ "ణ"ను ఎడమకు లాక్కొస్తాడు, దీర్ఘం కొసకూ దానికీ మధ్య ముప్పావు అంగుళం మాత్రమే ఉంచుతాడు. అదృష్టం కొద్దీ "ణ"కు తలకట్టు లేదు కాబట్టి పైన ఢీకొనేదేమీ ఉండదు. అక్కడే తలకట్టున్న అక్షరం వస్తే ఇంత దగ్గరికి తేవడం కుదరదు, అప్పుడు దీర్ఘాన్నే కాస్త కురచ చెయ్యాలి.

సున్న ఇంకా చిలిపిది. దాని కడుపులో ఉన్న ఖాళీ కూడా కంటి లెక్కలోకి వస్తుంది. మిగతా అక్షరాలతో సమానంగా ఎడం పెడితే అది "ణ"ను వదిలేసి తేలిపోతుంది, దూరం నుంచి అంకె సున్నలా కనబడుతుంది. కొన్ని బోర్డుల మీద సున్న ఏ అక్షరానికీ చెందనట్టు ఒంటరిగా నిలబడి ఉండడం మీరూ చూసే ఉంటారు. ఇక ల్లు కింది వత్తు కుడివైపుకు జరిగి, రెండు మాటల మధ్య వదిలిన ఖాళీలో కొంత తినేస్తుంది. అందుకే ఆ చోట అంగుళమో రెండో ఎక్కువ ఇవ్వాలి. ఇందాక చేతిలో ఉంచుకున్న రెండున్నర అంగుళాలు ఇందుకే.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక పెయింటర్‌ని ఈ మాటే అడిగితే, పని ఆపకుండానే, "స్కేలు పెడితే లెక్కకు కరెక్టొస్తది సార్, కంటికి రాదు" అన్నాడు. ఆయన పరీక్ష కూడా చూపించాడు. సుద్దతో గీసిన మాటలో మూడు అక్షరాలు మాత్రం కనిపించేలా రెండు చేతులూ కళ్లకు అటూ ఇటూ అడ్డం పెట్టి, మధ్య అక్షరం ఎటువైపు ఒరిగినట్టుందో చూస్తాడు. ఒరిగిన వైపు నుంచి జరుపుతాడు. తర్వాత ఒక అక్షరం వదిలి మళ్లీ మూడు. కళ్లు చిట్లించడం ఎందుకంటే, చిట్లిస్తే అక్షరాల వివరం పోయి నలుపు తెలుపు ముద్దలు మాత్రం మిగులుతాయి. మాట మధ్యలో ఎక్కడైనా తెల్ల చిల్లు కనిపిస్తే అక్కడే తప్పుంది.

ఈ కంటి లెక్కను సూత్రంలో బంధిద్దామని చూసినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో డేవిడ్ కిండర్స్‌లీ అని రాతి మీద అక్షరాలు చెక్కే గొప్ప పనివాడు ఉండేవాడు. ప్రతి అక్షరానికీ ఒక దృష్టి కేంద్రం ఉంటుందని ఆయన నమ్మకం. రెండు నిలువు గీతల మధ్య అక్షరాన్ని పెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్నట్టు కంటికి తోచే చోటును కనిపెడితే, ఆ కేంద్రాన్ని బట్టి యంత్రమే దూరాలు పెట్టగలదని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1976లో పుస్తకం కూడా తెచ్చాడు. ఆలోచన అందమైనది, కానీ అచ్చు ప్రపంచంలో నిలదొక్కుకోలేదు. నన్నడిగితే చిక్కు ఇక్కడుంది: సందు అనేది ఏ ఒక్క అక్షరానిదీ కాదు, జతది. "రా" పక్కన "ణ" వస్తే ఒక సందు, "జ" వస్తే వేరే సందు. మన గుణింతపు రూపాలే దాదాపు అయిదు వందలు. వాటి జతలు రెండు లక్షలకు పైమాటే, వత్తులు కలపకుండానే. కంప్యూటర్ ఫాంట్లలో నేటికీ ఇలాంటి జతల దూరాలను ఎవరో ఒకరు కూర్చుని కంటితో చూసే సరిచేస్తున్నారు.

కన్ను చేసే ఇంకో మోసం ఎత్తు విషయంలో. "గ" రెండు కాళ్ల మీద నిలబడే అక్షరం. దాని పక్కనున్న "రు" పొట్టను గీతకు సరిగ్గా తాకించి ఆపితే, అది ఒక్క చుక్క దగ్గరే గీతను తాకుతుంది కాబట్టి గాలిలో కాస్త లేచినట్టు ఉంటుంది. పది అంగుళాల అక్షరానికి దాన్ని అర సెంటీమీటరు గీత కిందికి దింపాలి. అలా దించిందని ఎవరికీ తెలియదు, దించకపోతే మాత్రం ఏదో తేడాగా ఉందని అందరికీ తెలుస్తుంది. గీతలు గీసేది వాటిని దాటడానికే అని తెలియని శిష్యుణ్ణి ఇక్కడే పట్టుకోవచ్చు.

ఇక గీతల వరస. బడిలో పలక మీద "ర" పొట్టను ఒక్క ఊపులో చుట్టేస్తాం. బలపంతో అది సరే. కుంచెతో అలా చుడితే కింది నుంచి పైకి నెట్టే భాగంలో వెంట్రుకలు విచ్చుకుని అంచు చెదిరిపోతుంది. కుంచెను లాగాలి, నెట్టకూడదు. అందుకని పెయింటర్ పై నుంచి మొదలుపెట్టి ఎడమ సగం కిందికి లాగుతాడు. మళ్లీ పైకి వచ్చి కుడి సగం కిందికి లాగుతాడు. రెండూ అడుగున కలుస్తాయి. తర్వాత తలకట్టు, అన్నిటికన్నా చివర వత్తు. రెండో సగం వచ్చేసరికి మొదటి సగం తడిగా ఉండాలి, లేకపోతే అతుకు గీతలా కనిపిస్తుంది. ఓరుగల్లు ఎండలో ఇది చిన్న విషయం కాదు. మే నెల మధ్యాహ్నం పడమటి గోడ మీద ఎనామిల్ కలిసేలోపే బిగుసుకుపోతుంది. అలాంటి గోడకు పొద్దున్నే పని పెట్టుకోవాలి. ఎడమ నుంచి కుడికి పోవడం మాత్రం అక్షరం కోసం కాదు, తడి రంగు మీద మోచెయ్యి పడకుండా. చేతి కింద ఆనించుకునే కర్ర కూడా అందుకే.

కుంచె వరసను తేలిగ్గా తీసిపారేసి పండితులు చాలాకాలం పొరపాటు పడిన సంగతి ఒకటుంది. రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం మీది అక్షరాల కొసలకు చిన్న చిన్న పాదాలుంటాయి. అవి ఉలి వల్ల వచ్చాయని అనుకునేవారు. ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ ఫాదర్ కుర్రతనంలో షికాగోలో సైన్‌బోర్డులు రాసినవాడు. చదునైన కుంచెను గీత మొదట్లో, చివర తిప్పితే ఆ పాదాలు వాటంతటవే వస్తాయనీ, రోమన్లు ముందు కుంచెతో రాసి తర్వాత చెక్కారనీ 1968లో ఆయన పుస్తకం రాశాడు. ఈ వాదనను నేడు చాలామంది ఒప్పుకుంటారు. బోర్డులు రాసిన చెయ్యి గనక ఆయనకు అది కనిపించింది. మన తలకట్టు కూడా పాత లిపిలో అక్షరం నెత్తిన పెట్టే చిన్న గుర్తు నుంచి పెరిగిందే. వేయిస్తంభాల గుడి దగ్గర 1163 నాటి రుద్రదేవుడి శాసనం ముందు నిలబడే అవకాశం వస్తే అర్థం కోసం తర్వాత వెతుక్కోవచ్చు, ముందు అక్షరాల తలలు చూడండి.

దీని వల్ల ఉపయోగమేమిటని అడిగేవారికి ఒక ఫిర్యాదే నా జవాబు. ఫ్లెక్సీ బోర్డుల్లో మాట పట్టకపోతే కంప్యూటర్‌లో అడ్డంగా లాగేస్తారు. అలా లాగినప్పుడు నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు సన్నగానే ఉండిపోతాయి, "ర" పొట్ట కోడిగుడ్డు అవుతుంది. ఫాంటులో కంటితో సరిచేసిన సందులన్నీ గంగలో కలుస్తాయి.

గోడ మీదే రాయించే ఉద్దేశం ఉంటే రెండు పనులు చెయ్యండి. కొత్త ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరి ప్రైమర్ పడేదాకా పెయింటర్‌ని పిలవకండి. సిమెంటులోని క్షారం ఎనామిల్‌లోని నూనెను సబ్బులా మార్చి రంగును ఊడగొడుతుంది. సుద్ద గీత అయిన రోజే రంగు మొదలుపెట్టమని తొందర పెట్టకండి. రోడ్డు అవతల నిలబడి "ణం" దగ్గర సున్న ఎక్కడుందో చూసి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.