పేరు చెప్పకుండా రూపం చెప్పడం

నాలుగు మాటలు రాసి ఇస్తే బొమ్మ గీసిపెట్టే ఏఐ పరికరాలను వాడేవాళ్లు చాలామంది మొదట రాసేది ఒక పేరు. ఫలానా కార్టూన్ పిల్లాడిలా, ఫలానా సినిమా హీరోలా ఉండాలని అడుగుతారు. పేరు దగ్గరి దారి. ఆ ఒక్క మాటతోనే ముఖం, దుస్తులు, రంగులు, నిలబడే తీరు అన్నీ వచ్చేస్తాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. అడిగినవాళ్లకు కావలసింది ఆ బొమ్మలోని హుషారో, ఠీవో మాత్రమే. పేరు వెంట వచ్చేది మాత్రం మరొకరి సృష్టి మొత్తం, లేదా మరొకరి ముఖం. పేరు కనబడగానే కొన్ని పరికరాలు గీయడానికి ఒప్పుకోవు. ఒప్పుకుని గీసినా ఆ బొమ్మను సరుకు లేబుల్ మీదా, పుస్తకం అట్ట మీదా నిశ్చింతగా వేసుకోవడానికి వీలుండదు.

అందుకని పేరుకు బదులు రూపాన్ని వర్ణించాలి. వర్ణించడమంటే పేరు ఒక్కటి దాచి మిగతాదంతా ఉన్నదున్నట్టు రాయడం కాదు. నచ్చిన బొమ్మలో అందరికీ చెందినవి ఏవి, ఆ ఒక్క పాత్రను గుర్తుపట్టించేవి ఏవి అని విడదీసి, మొదటివి ఉంచుకుని, రెండోవాటి చోట కొత్తవి కల్పించడం.

ఎవరికి ఏది చెందుతుంది

ఊహ ఎవరి సొత్తూ కాదనీ, దానికి ఇచ్చిన నిర్దిష్టమైన రూపానికే కాపీరైట్ ఉంటుందనీ ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో స్పష్టంగా చెప్పింది. బలశాలి అయిన పిల్లవాడు ఒక ఊహ. మహాభారతంలోని భీముడు అందరివాడు. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించగా 2008 నుంచి టీవీలో కనిపిస్తున్న ఛోటా భీమ్ మాత్రం ఆ సంస్థ గీసిన రూపం. కృష్ణుడి పాత్ర విషయమూ ఇంతే. నెమలిపింఛం, పిల్లనగ్రోవి ఎవరైనా గీయవచ్చు. ‘మాయాబజార్’లో ఆ పాత్ర ధరించిన నటుడి ముఖాన్ని మాత్రం తన బొమ్మకు అతికించుకోవడానికి వీల్లేదు.

పేరు మార్చినంత మాత్రాన సరిపోదని చూపే కేసు కూడా మన దేశంలోనే ఉంది. 1990లలో హిందీ కామిక్స్‌లో నాగరాజ్ అనే వీరుడు బాగా పేరున్నవాడు. మరో ప్రచురణకర్తలు నాగేశ్ అనే వీరుణ్ని తెచ్చారు. ఇద్దరికీ పాము చర్మంలా కనిపించే ఆకుపచ్చ బిగుతు దుస్తులు, ఎర్ర చెడ్డీ, పాములాంటి బెల్టు. ఇద్దరి శక్తులూ పాములకు సంబంధించినవే. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే తీర్పు నాగరాజ్ ప్రచురణకర్తలకు అనుకూలంగా వచ్చింది. పాముల వీరుడు అన్న ఊహ ఒక్కటే కలిసి ఉంటే విషయం వేరుగా ఉండేది. ఇక్కడ దుస్తులు, రంగులు, బెల్టు, శక్తులు, పేరు ధ్వని అన్నీ ఒకే మూటగా కలిశాయి. ఏఐతో బొమ్మ గీయించేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఈ మూట సంగతే. విడిగా ఏ లక్షణమూ ఎవరిదీ కాదు. అవన్నీ కలిసి ఒక పాత్రను గుర్తుచేస్తేనే చిక్కు.

ఒక లేబుల్ బొమ్మ

మినపసున్నుండలు చేసి అమ్మే ఒక ఇంటి దుకాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. డబ్బా మీదికి బొమ్మ కావాలి. యజమానురాలికి మొదట తోచేది ఛోటా భీమ్ సున్నుండ తింటున్నట్టు. ఆ బొమ్మలో ఆమెకు నచ్చినవేమిటో కాగితం మీద రాసుకుంటే కొన్ని తేలతాయి: గుండ్రని బొద్దు ముఖం, మందపాటి గీత, నీడలు లేకుండా పూసిన కాంతివంతమైన రంగులు, ఇంత చిన్నబిడ్డకు అంత బలమా అనిపించడం. ఇవన్నీ పిల్లల కార్టూన్లలో ఎప్పటినుంచో ఉన్నవే కాబట్టి ఉంచుకోవచ్చు. చొక్కా లేని ఒళ్లు, నారింజ రంగు ధోతీ, చేతిలో లడ్డూ కలిస్తే మాత్రం ఆ పిల్లవాడు వెంటనే గుర్తొస్తాడు. మార్చవలసినవి అవే.

మార్చడానికి మంచి మార్గం సరుకులోంచే వివరాలు తీసుకోవడం. సున్నుండల పిండి తిరగలిలో విసిరేది. కాబట్టి బలం తిండిలో కాకుండా తిరగలి తిప్పడంలో కనిపించవచ్చు. పిల్లవాడి బదులు పిల్ల ఉండవచ్చు. అప్పుడు వర్ణన ఇలా తయారవుతుంది:

“ఎనిమిదేళ్ల పల్లెటూరి తెలుగు అమ్మాయి. చామనఛాయ, గుండ్రని బొద్దు ముఖం, నవ్వితే ఊడిన ముందుపన్ను ఖాళీ కనిపిస్తుంది. రెండు జడలు పైకి మడిచి ఎర్ర రిబ్బన్లతో కట్టి ఉన్నాయి. మడమల దాకా వచ్చే ముదురు నీలం కుచ్చుల పావడా, పసుపు జాకెట్టు. నేల మీద కూర్చుని ఒంటి చేత్తో తిరగలి తిప్పుతోంది. తిరగలి అంటే ఒకదానిమీద ఒకటి ఉన్న రెండు గుండ్రని రాళ్లు, పైరాయికి నిలువు కర్రపిడి. చుట్టూ పిండి లేస్తోంది. పిల్లల కార్టూన్ బొమ్మ, మందపాటి నల్లగీత, నీడలు లేని చదును రంగులు, నీలం, పసుపు, ఎరుపు మాత్రమే. వెనక ఖాళీ తెలుపు.”

ఇందులో పావడాను, తిరగలిని విడమరిచి చెప్పడానికి కారణం ఉంది. పరికిణీ, తిరగలి వంటి మాటలు పరికరానికి సరిగా తెలియకపోవచ్చు. తెలియని మాట ఎదురైతే అది తనకు బాగా తెలిసిన మరో వస్తువును గీసేస్తుంది. పేరు కంటే ఆకారం, కొలత, పదార్థం చెప్పడం మేలు. వర్ణనలోని చివరి భాగం కూడా ముఖ్యమే. నచ్చిన రూపం చాలావరకు పాత్రలో కాకుండా గీసిన తీరులో ఉంటుంది. గీత మందం, రంగుల సంఖ్య, వెలుగు, నేపథ్యం చెబితే ఆ రూపం పేరు లేకుండానే వస్తుంది.

చిత్రకారుల విషయంలోనూ ఇదే పద్ధతి. బాపు 2014లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం ఆయన బొమ్మలకు 2074 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఆయన పేరు రాయడం కంటే ‘తెగకుండా సాగే సన్నని సిరా గీత, పెద్ద కళ్లు, తక్కువ రంగులు, చుట్టూ ఖాళీ’ అని రాసి, మనుషులను, సన్నివేశాన్ని సొంతంగా కల్పించుకోవడం సరైన పని. రాజా రవివర్మ 1906లోనే చనిపోయారు కాబట్టి ఆయన చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది.

సినిమా హీరో ఠీవి కావాలంటే

నిజమైన మనుషుల విషయంలో కాపీరైట్‌తో పాటు వారి ముఖం, గొంతు, పేరు మీద వారికున్న హక్కు కూడా వస్తుంది. 2023లో నటుడు అనిల్ కపూర్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు ఆయన పేరు, రూపం, గొంతుతో పాటు మాట తీరుకు, హావభావాలకు కూడా రక్షణ ఇచ్చింది. 2025లో అక్కినేని నాగార్జున కూడా అదే కోర్టు నుంచి ఇలాంటి ఉత్తర్వు పొందారు.

హీరో పోస్టర్ కోరుకునేవాళ్లకు నిజంగా కావలసింది ఆ నటుడి ముక్కు, చెవులు కాదు. ఆ ఠీవి ఎక్కువగా కెమెరా తెచ్చిపెట్టేది. మోకాలి ఎత్తు నుంచి పైకి చూసే కోణం, వీపు వెనకనుంచి పడే సాయంత్రపు ఎండ, అంచుల్లో మెరిసే జుట్టు, కాళ్ల దగ్గర లేచే ఎర్రదుమ్ము, సగం మడిచిన చేతులు, కెమెరా వైపు కాకుండా పక్కకు చూసే చూపు. ఇవి రాస్తే ఏ మనిషికైనా ఆ ఠీవి వస్తుంది.

ముఖాన్ని మాత్రం విడిగా కల్పించాలి. ‘అందమైన యువకుడు’ అని వదిలేస్తే పరికరం నునుపైన, ఎక్కడో చూసినట్టుండే ముఖం ఇస్తుంది. ఒక్కోసారి అది ఎవరో నటుడిలా తేలుతుంది. ‘నలభై ఐదేళ్లు, ఎండకు కమిలిన నలుపు, ఎడమ కనుబొమలో పాత గాటు, కొద్దిగా వంకర ముక్కు, నెరుస్తున్న గడ్డం, పలచబడ్డ నుదుటి జుట్టు’ అంటే ఆ మనిషి ఎవరిలానూ ఉండడు. ఇద్దరు నటుల పేర్లు కలిపి మధ్యస్థంగా గీయమనడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. తరచు వాళ్లలో ఒకరి ముఖమే పైకి తేలుతుంది.

ఎక్కడ తప్పుతుంది, ఎలా తెలుస్తుంది

పేరు రాయకపోయినా పాత బొమ్మ వచ్చేయవచ్చు. వీడియో గేమ్, ప్లంబర్ అన్న రెండు మాటలు ఇస్తే చాలు, నింటెండో వారి మారియో బొమ్మ వస్తోందని 2024లో పరిశోధకులు చూపించారు. శిక్షణ కోసం ఇచ్చిన బొమ్మల్లో ఆ మాటల పక్కన ఎక్కువగా కనిపించింది ఆ పాత్రే కావడం దీనికి కారణం. ఎరుపు నీలం బిగుతు దుస్తులు, సాలెగూడు, ముసుగు అని రాస్తే స్పైడర్‌మ్యాన్ రావడమూ ఇలాంటిదే. ‘ఫలానావాడిలా ఉండకూడదు’ అని రాయడం కూడా తరచు ఎదురు తిరుగుతుంది. వద్దన్న పేరు కూడా వర్ణనలో ఒక మాటే కాబట్టి బొమ్మ అటువైపే మొగ్గుతుంది. వద్దన్నదాని చోట ఏం కావాలో రాయాలి. చొక్కా లేకుండా వద్దు అనకుండా పసుపు జాకెట్టు అని రాయాలి.

వచ్చిన బొమ్మ కొత్తదో కాదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, బొమ్మను పూర్తిగా నల్లగా నింపి నీడలా చూడడం. నీడను బట్టే ఎవరో చెప్పగలిగితే ఆకారం ఇంకా పాతదే. రెండోది, ఏమీ చెప్పకుండా ఇద్దరు ముగ్గురికి, ముఖ్యంగా పిల్లలకు చూపించి ఇదెవరని అడగడం. ‘ఎవరో తెలీదు, తిరగలి తిప్పే అమ్మాయి’ అంటే పని సరిగా జరిగినట్టు. ఎవరి పేరైనా చెబితే, ఆ పేరు ఎందుకు తోచిందో అడిగి ఆ లక్షణాన్నే మార్చాలి. రంగు ఒక్కటే మార్చడం సాధారణంగా చాలదు. దుస్తుల ఆకారం, చేతిలోని వస్తువు, చేసే పని, జుట్టు వీటిలో రెండు మూడు కలిపి మార్చితే మూట విడిపోతుంది. నెట్‌లో బొమ్మతోనే బొమ్మను వెతికి చూడడం కూడా అవసరం, ఎందుకంటే చూసినవాళ్లెవరికీ తెలియని పాత్ర ఎక్కడో ఉండవచ్చు.

పాత్ర కుదిరాక దాని వర్ణనను అక్షరం మార్చకుండా దాచుకోవాలి. తరువాతి ప్రతి బొమ్మకూ ఆ వాక్యాలనే అదే వరసలో ఇచ్చి, చేసే పని, చోటు మాత్రమే మార్చాలి. అలా చేసినా జడలు, రంగులు అక్కడక్కడ తప్పుతాయి కాబట్టి ప్రతి బొమ్మనూ మొదటిదానితో పోల్చుకోవాలి. పెద్ద ఎత్తున అమ్మే సరుకు మీద బొమ్మ వేసేముందు న్యాయవాదికి ఒకసారి చూపించడం మంచిది.