వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు

జూలై నెలలో ఒక శనివారం తెల్లవారుజామున పాపటోయ్‌టోయ్ నుంచి హామిల్టన్‌కి బయలుదేరాం. చుట్టాల ఇంట్లో పెళ్ళిపనులు. మా మేనకోడలికి లెర్నర్ లైసెన్స్ వచ్చి కొద్ది నెలలే అయింది. కారుకి ముందూ వెనకా పసుపుపచ్చ L పలకలు కట్టి స్టీరింగ్ తనకిచ్చి, నేను పక్క సీట్లో కూర్చున్నాను. పైగా ఆ రోజు ఆమెకి తెలుగు పాఠం కూడా ఉంది. రెండూ ఒకేసారి జరిగిపోయాయి. అదెలాగో చెబుతాను.

ముందు కారుకి ఎంత దూరంలో ఉండాలి? న్యూజిలాండ్ రోడ్ కోడ్ దీన్ని మీటర్లలో కాకుండా సెకన్లలో నేర్పుతుంది. రోడ్డు బాగుంటే రెండు సెకన్లు. వాన పడుతున్నా, పొగమంచు ఉన్నా, మీరు వెనక ట్రైలర్ లాగుతున్నా నాలుగు సెకన్లు. కొలిచే పద్ధతి కూడా సులువే. ముందు కారు ఒక స్తంభాన్నో, వంతెన నీడనో దాటగానే లెక్క మొదలుపెట్టండి. ఇక్కడి ఇంగ్లీషులో వెయ్యి కలిపి లెక్కపెడతారు, ఎందుకంటే ఉత్త "ఒకటి, రెండు" సెకను కంటే త్వరగా అయిపోతాయి. మా అమ్మాయిని తెలుగులో పెట్టమన్నాను: "వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు." రెండోది పూర్తయ్యేలోపే మన కారు ఆ స్తంభాన్ని దాటితే మనం దగ్గరగా ఉన్నట్టు.

"వెయ్యిన్ని అంటే ఏంటి మావయ్యా?" అంది.

"వెయ్యి, దాని మీద ఇంకా అని. నూటొకటి అనడం లేదూ, అలాగే."

ముందు రోజు రాత్రే ఫోనులో గడియారం పెట్టి చూసుకున్నాం. మామూలుగా, తొందర లేకుండా అంటే ఒక్కొక్కటి సుమారు ఒక సెకను పట్టింది. మీరూ ఇంట్లో ఒకసారి చూసుకోండి. కొందరు ఆ లెక్కను గబగబా అనేస్తారు. అలా అంటే రెండు సెకన్లు ఒకటిన్నర అయి కూర్చుంటాయి.

సెకన్లే ఎందుకు? గంటకి 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు పోతుంది. 50లో అయితే 14. అదే రెండు సెకన్లు ఒక చోట 28 మీటర్లు, ఇంకో చోట 56 మీటర్లు. మీటర్లను కంటితో కొలవడం ఎవరికీ సరిగా రాదు. సెకన్లు లెక్కపెడితే వేగం పెరిగినప్పుడు దూరం దానంతటదే పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. నేనూ ఏళ్ళ తరబడి పడ్డాను. రెండు సెకన్లంటే కారు ఆగడానికి పట్టే దూరం అనుకుంటాం. కాదు. 100లో ఉన్న కారు పొడి రోడ్డు మీద ఆగడానికి, మనం తేరుకునే సమయంతో కలిపి, సుమారు వంద మీటర్లు కావాలి. రెండు సెకన్లకి ఉన్నవి 56 మాత్రమే. మరి ఎలా సరిపోతుంది? ముందు కారు కూడా అక్కడికక్కడే ఆగిపోదు కాబట్టి. అదీ జారుతూ ముందుకే పోతుంది. మనకి కావలసింది దాని బ్రేకు లైటు చూసి మన కాలు బ్రేకు మీద పడే సమయం, దాని మీద కొంచెం అదనం. రెండు కార్లూ ఒకేలా ఆగుతాయన్న నమ్మకం మీద ఈ రెండు సెకన్లు నిలబడి ఉన్నాయి. ఆ నమ్మకం చెడిన రోజున రెండు సెకన్లూ చాలవు.

బాంబే హిల్స్ దాకా ఆకాశం నిర్మలంగా ఉంది. అక్కడ కారు ఆపి నేను స్టీరింగ్ తీసుకున్నాను. కొండ దిగి పోకెనో, మెర్సర్ దాటితే రోడ్డు వైకాటో నది పక్కన సాగుతుంది. చలికాలం గాలి లేని తెల్లవారుజామున ఆ పల్లంలో పొగమంచు పట్టేస్తుంది. పైన ఎండ, కింద తెల్లటి దూది. రెండు నిమిషాల్లో ముందు ఉన్నదల్లా రెండు ఎర్ర లైట్లు మాత్రమే అయింది.

నేను ఆ లైట్లను పట్టుకున్నాను. మీరు కూడా పట్టుకుని ఉంటారు. పొగమంచులో ఎదురుగా ఒక కారు కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది, దాని వెనకే పోతాం. అది దూరమైతే భయం వేసి ఇంకొంచెం వేగం పెంచుతాం. పక్క నుంచి మా అమ్మాయి మెల్లగా మొదలుపెట్టింది: "వెయ్యిన్ని ఒకటి... వెయ్యిన్ని..." అంతే. రెండో మాట పూర్తి కాలేదు. రోడ్డు పక్కన మెరిసే గుంజ వెనక్కి వెళ్ళిపోయింది. నా వేగం 80. దాని తర్వాత కొద్దిసేపటికే ఆ ఎర్ర లైట్లు ఒక్కసారి ప్రకాశంగా వెలిగాయి. ముందు కారు బ్రేకు వేసింది. నేను కూడా గట్టిగా తొక్కాను. తగల్లేదు. ఎంతలో తప్పిందో చెప్పను, మా అక్క ఈ పత్రిక చదువుతుంది.

పొగమంచులో తేడా ఏమిటంటే, నాలుగు సెకన్లు లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు. ఇక్కడి చట్టంలో ఇంకో మాట ఉంది: మీ ముందు కనిపిస్తున్న ఖాళీ లేనులోనే ఆగగలిగే వేగంలో నడపాలి. మధ్య గీత లేని సన్న రోడ్డు మీదైతే కనిపించే దూరంలో సగంలోనే. ఎదురుగా 50 మీటర్లే కనిపిస్తున్నాయనుకోండి. 60లో వెళ్తే తడి రోడ్డు మీద ఆగడానికి సుమారు 60 మీటర్లు కావాలి. అంటే మంచులో ఆగిపోయి ఉన్న కారు మీకు కనిపించేసరికే ఆలస్యమైపోయింది. 50లో వెళ్తే సుమారు 45 మీటర్లలో ఆగుతాం, అదీ అంతంతమాత్రమే. ఆ కనిపించే 50 మీటర్లలో నాలుగు సెకన్లు పట్టాలంటే వేగం 45 మించకూడదు. కాబట్టి పొగమంచులో ముందు వేగం తగ్గించండి, ఆ తర్వాత సెకన్లు లెక్కపెట్టండి. లైట్లు డిప్‌లో ఉంచండి. ఫుల్ వేస్తే మంచు మీదపడి ఆ వెలుగు మన కళ్ళలోకే తిరిగి వస్తుంది.

హామిల్టన్‌లో భోజనాలయ్యాక మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి వాన పట్టుకుంది. ఈసారి మా అమ్మాయి పక్క సీట్లోంచి అడిగిన ప్రశ్న బాగుంది. "వానలో ఇద్దరి టైర్లూ జారుతాయి కదా మావయ్యా. ముందు కారు కూడా ఆలస్యంగానే ఆగుతుంది. మరి రెండు సెకన్లు నాలుగెందుకు చేయాలి?"

నిజమే, రెండు కార్లూ ఒకేలా జారితే రెండు సెకన్లే చాలు. కానీ వానలో అవి ఒకేలా జారవు. ముందు కారుకి కొత్త టైర్లు, మనకి అరిగిన టైర్లు అనుకోండి. ఇక్కడ చట్టం 1.5 మిల్లీమీటర్ల లోతు గాడి ఉంటే చాలంటుంది. పొడి రోడ్డు మీద ఆ రెండు టైర్లకీ పెద్ద తేడా తెలియదు. నీళ్ళలో బాగా తెలుస్తుంది, ఎందుకంటే టైరు కింది నీళ్ళు బయటికి పోయేది ఆ గాడిలోంచే. వేగం 100. ముందు కారు బ్రేకు వేశాక 80 మీటర్లలో ఆగింది. మనకి 100 మీటర్లు పట్టింది. తేడా 20. అంతకుముందు బ్రేకు లైటు చూసి కాలు కదిపేసరికి ఒకటిన్నర సెకను, అంటే 42 మీటర్లు. మొత్తం 62. రెండు సెకన్ల దూరంలో మనకి ఉన్నవి 56. ఆరు మీటర్లు తక్కువ. నాలుగు సెకన్లయితే 111 మీటర్లు, ఇంకా 49 మిగిలాయి. ఈ అంకెలు కారుని బట్టి మారతాయి. తేడా ఎటు తిరుగుతుందో మాత్రం మారదు.

కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే మా అమ్మాయి వెంటనే, "మన టైర్లు ఎలా ఉన్నాయి?" అంది. ఇంటికి వెళ్ళి చూస్తానన్నాను.

ఆ వానలోనే ఒక పెద్ద ట్రైలర్ లారీ వెనక చిక్కుకున్నాం. మీలో ఫిజీలో పెరిగినవాళ్ళకి చెరకు లారీలు గుర్తుండే ఉంటాయి. బా ఊళ్ళో మిల్లుకి పోయే లారీ వెనక పడితే దారి కనిపించేది కాదు, చెరకు గడలే కనిపించేవి. ఇక్కడ లారీలకి 90 కంటే వేగం ఉండకూడదు. వెనకున్న కారు దాన్ని త్వరగా అందుకుంటుంది, ఓవర్‌టేక్ చేద్దామని దగ్గరికి పోతుంది. లారీ మన కంటే నెమ్మదిగా ఆగుతుంది కదా, భయం లేదు అనిపిస్తుంది. భయం అక్కడ లేదు. లారీ అడ్డంగా ఉండడం వల్ల దాని ముందు ఏం జరుగుతోందో మీకు తెలియదు. లారీ డ్రైవరు ఆగిన కారుని చూసి పక్కకి తప్పుకుంటే, ఆ కారు హఠాత్తుగా మీ ముందుంటుంది. పైగా దాని చక్రాలు ఎగజిమ్మే నీటితుంపర వాన కంటే చిక్కగా మీ అద్దం మీద పడుతుంది. గుర్తు ఒకటి చెబుతాను: లారీ పక్క అద్దాలు మీకు కనిపించకపోతే, దాని డ్రైవరుకి మీరు కనిపించరు. వెనక్కి తగ్గితే తుంపరా పలచబడుతుంది, పక్క నుంచి ముందున్న రోడ్డు కూడా కనిపిస్తుంది.

లారీని దాటాక ఇంకో తప్పు జరుగుతుంది. లారీ ముందు పెద్ద ఖాళీ కనిపిస్తే మనకోసం వదిలినట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీ దాని డ్రైవరు తన బరువు ఆపుకోవడానికి ఉంచుకున్నది. ఇక్కడి రోడ్ల మీద 50 టన్నుల దాకా బరువుతో తిరిగే లారీలున్నాయి. 90 వేగంలో నాలుగు సెకన్లంటే 100 మీటర్లు. మీరు మధ్యలో దూరితే అతనికి మిగిలేది యాభయ్యే. అతను మళ్ళీ వెనక్కి తగ్గేదాకా మీ వెనక 50 టన్నులు రెండు సెకన్ల దూరంలో ఉన్నట్టే. కాబట్టి దాటాక అద్దంలో లారీ ముఖం మొత్తం కనిపించాక కూడా ఇంకొంచెం ముందుకి పోయి, అప్పుడే లేను మారండి. ఎవరైనా మీ వెనక అంటుకుని వస్తుంటే మీ ముందు ఖాళీ పెంచండి. అప్పుడు మీరు మెల్లగా ఆగగలరు, వెనకవాడికీ సమయం దొరుకుతుంది.

నాలుగు సెకన్లు వదిలితే ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారని నాతో వాదించేవాళ్ళున్నారు. దూరతారు. ఆ రోజు బాంబే నుంచి పాపటోయ్‌టోయ్ దాకా మా ముందు ఆరుగురు దూరారు. మా అమ్మాయి లెక్కపెట్టింది. ప్రతిసారీ నేను మెల్లగా వెనక్కి తగ్గి మళ్ళీ నాలుగు సెకన్లు చేసుకున్నాను. ఒక్కొక్కరికి నాలుగు సెకన్లు పోయాయనుకున్నా మొత్తం ఇరవై నాలుగు. ఇల్లు చేరాక కారు తాళం వేసి, గొడుగు కింద వంగి టైర్ల గాడి చూసుకోవడానికి అంతకంటే ఎక్కువ సేపే పట్టింది. వెనక రెండు టైర్లు మార్చాల్సి వచ్చింది.